స్టాప్ 40 ఎక్కువా, తక్కువా? 96 ట్రేడ్లను మళ్లీ కొలిచిన డైరీ

జులై 5, 2025, శనివారం

ఈ ప్రాజెక్టు మా బావ పుణ్యం. నిఫ్టీ ఫ్యూచర్స్‌లో నా స్టాప్, అంటే నష్టం ఇక్కడితో ఆపెయ్యాలని పెట్టుకున్న ధర, తగిలిన ప్రతిసారీ ఆయన ఫోన్‌లో ఒకటే మాట: "నీ స్టాప్ మరీ దగ్గర బావా. కొట్టేసి అటే వెళ్లిపోతోంది చూడు. 40 కాదు, 60 పెట్టు." నాకేమో 40 కూడా ఎక్కువేమో, తప్పు ట్రేడ్‌లో ఊరికే కూర్చుంటున్నానేమో అని అనుమానం. ఇద్దరిలో ఎవరి దగ్గరా లెక్క లేదు. జనవరి నుంచి జూన్ దాకా జర్నల్ రాసుకున్నాను కదా, దాన్నే అడుగుదామని కూర్చున్నాను.

నా పద్ధతి పాతదే. 9:15 నుంచి 9:45 వరకు నిఫ్టీ ఫ్యూచర్ తిరిగిన పై గీత, కింద గీత గుర్తు పెట్టుకుంటాను. పైకి దాటితే కొంటాను, కిందికి దాటితే షార్ట్ చేస్తాను, అంటే ముందు అమ్మి తర్వాత కొంటాను. స్టాప్ 40 పాయింట్లు, లాభం తీసుకునే టార్గెట్ 80. రెండూ తగలకపోతే 15:15కి బయటికి. మధ్యలో భయమేసి చేత్తో కోసేసినవీ ఉన్నాయి. ఆరు నెలల్లో మొత్తం 96 ట్రేడ్లు.

కొలవాల్సినవి రెండే. ట్రేడ్‌లో ఉన్నంతసేపు ధర నాకు వ్యతిరేకంగా ఎంత దూరం పోయిందో అది ఎంఏఈ. అనుకూలంగా ఎంత దూరం పోయిందో అది ఎంఎఫ్‌ఈ. జాన్ స్వీనీ ప్రచారంలోకి తెచ్చిన ఆలోచన ఇది. చివరికి ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నది జర్నల్ ఎలాగూ చెబుతుంది. ఈ రెండు అంకెలు మధ్యలో ఏం జరిగిందో చెబుతాయి.

అన్నీ పాయింట్లలోనే కొలుస్తున్నాను. నిఫ్టీ లాట్, అంటే ఒకసారి కొనాల్సిన కనీస సంఖ్య, 25 నుంచి 75కి పెరిగింది, నా జనవరి ట్రేడ్లలో కొన్ని పాత లాట్‌వి. రూపాయల్లో కొలిస్తే పాతవన్నీ బుద్ధిమంతుల్లా కనిపిస్తాయి.

జులై 6, ఆదివారం

పొద్దున్నే మొదటి తప్పు. చేతిరాత జర్నల్‌లో టైములు "10:30 ప్రాంతం" అని ఉన్నాయి. దానితో ఏం కొలుస్తాం? బ్రోకర్ సైట్ నుంచి ట్రేడ్‌బుక్ దించుకున్నాను. అందులో సెకన్లతో సహా ఉంది. ఒకే ఆర్డర్ రెండు మూడు ముక్కలుగా పడినచోట సగటు ధర వేసుకున్నాను. చేతి జర్నల్‌లోంచి స్టాప్ ఎక్కడ అనుకున్నానో, ఎందుకు బయటికి వచ్చానో మాత్రం తీసుకున్నాను. అవి ట్రేడ్‌బుక్‌లో దొరకవు.

తర్వాత ఒక నిమిషం క్యాండిళ్ల డేటా, అంటే ప్రతి నిమిషానికీ ఓపెన్, హై, లో, క్లోజ్ ధరలు, తెచ్చి కలిపాను. ఫలితం చూసి నవ్వొచ్చింది. కొన్న ట్రేడ్లన్నిటికీ ఎంఏఈ 60, 80, 90. స్టాప్ 40 దగ్గర ఉంటే 90 ఎలా పోతుంది? షార్ట్ చేసినవేమో ఒక్కటీ కష్టపడలేదు, అన్నీ మొదటి సెకను నుంచే లాభం. నేను షార్ట్‌లో ఇంత మొనగాణ్ని అని నాకే తెలీదు.

గంటన్నర తర్వాత దొరికింది. నేను తెచ్చింది నిఫ్టీ ఇండెక్స్ డేటా, ట్రేడ్ చేసింది ఫ్యూచర్. ఫ్యూచర్ మామూలుగా ఇండెక్స్ కంటే కొన్ని పదుల పాయింట్లు పైన ఉంటుంది, ఎక్స్‌పైరీ దగ్గరయ్యేకొద్దీ ఆ తేడా కరిగిపోతుంది. ఆ ప్రీమియం మొత్తం లాంగ్‌లకు ఎంఏఈగా, షార్ట్‌లకు ఎంఎఫ్‌ఈగా లెక్కలోకి వచ్చేసింది.

ఏ నెల ట్రేడ్‌కి ఆ నెల కాంట్రాక్టు డేటా పెట్టి సరిచేశాను. ఇలాంటిది మళ్లీ రాకుండా ఒక చెక్ కూడా రాసుకున్నాను: నా ఎంట్రీ ధర, ఆ నిమిషం క్యాండిల్ కింది ధర, పై ధర మధ్యలో ఉండాలి. లేకపోతే డేటా తప్పో, టైము తప్పో. ఈ చెక్‌తోనే ఇంకొకటి బయటపడింది. నా డేటాలో ఒక ఫైలు క్యాండిల్‌కి మొదలైన నిమిషం పేరు పెడుతోంది, ఇంకో ఫైలు ముగిసిన నిమిషం పేరు పెడుతోంది. మార్చి నెలంతా ఒక నిమిషం జరిగిపోయి ఉంది.

జులై 12, శనివారం

ఈ రోజంతా ఒకే ఒక్క క్యాండిల్ మీద పోయింది. పోతే పోయింది, అవసరమే.

మే మొదటి వారంలోని ఒక ట్రేడ్. 10:32:41కి 24,468 దగ్గర కొన్నాను. పై గీత 24,465. ఆ 10:32 క్యాండిల్ కింది ధర 24,444, క్లోజ్ 24,472. తర్వాతి క్యాండిళ్లలో అన్నిటికంటే కింది ధర 24,459. మరి ఎంఏఈ ఎంత? ఎంట్రీ క్యాండిల్‌ని మొత్తం కలుపుకుంటే 24. కానీ నేను కొన్నది బ్రేకవుట్‌లో. ధర 24,444 నుంచి ఎక్కుతూ వచ్చి గీత దాటాకే కొన్నాను. అంటే ఆ 24,444 నేను లోపలికి రాకముందుది. నేను నిజంగా పడ్డ కష్టం 9 పాయింట్లే.

ఇది ఎప్పుడో ఒకసారి జరిగే పొరపాటు కాదు. బ్రేకవుట్ ఎంట్రీ అంటేనే క్యాండిల్ అవతలి కొస దాదాపు ఎప్పుడూ ఎంట్రీకి ముందే ఉంటుంది. క్యాండిల్ మొత్తం కలిపితే ప్రతి ట్రేడ్ ఎంఏఈ ఒకే వైపు ఉబ్బుతుంది. ఆ లెక్క చూసి "నా గెలుపు ట్రేడ్లు కూడా 25 పాయింట్లు వెనక్కి పోతున్నాయి, స్టాప్ వెడల్పు చెయ్యాలి" అనుకుంటాం. బావ గెలిచేవాడు, తప్పుడు లెక్కతో.

కాబట్టి ఎంట్రీ నిమిషంలో క్లోజ్ ఒక్కటే తీసుకున్నాను, అది తప్పకుండా నేను లోపలికి వచ్చాకే. ఎగ్జిట్ నిమిషంలో ఓపెన్ ఒక్కటే, అప్పటికి తప్పకుండా లోపలే ఉన్నాను. మధ్య క్యాండిళ్లు మాత్రం పూర్తిగా.

```python
def exc(t, px):
    s = 1 if t.side == "BUY" else -1
    t0 = t.entry_time.floor("min")
    t1 = t.exit_time.floor("min")
    mid = px[(px.index > t0) & (px.index < t1)]
    pts = [t.entry, t.exit, *mid["high"], *mid["low"]]
    if t1 > t0:
        pts += [px.at[t0, "close"], px.at[t1, "open"]]
    mv = [s * (p - t.entry) for p in pts]
    return -min(mv), max(mv)   # MAE, MFE
```

ఇది తక్కువ వైపు అంచనా. క్యాండిళ్లు మొత్తం కలిపితే ఎక్కువ వైపు అంచనా. నిజం ఈ రెండిటి మధ్య ఉంటుంది. రెండూ వేసి చూశాను. ఎక్కువసేపు నడిచిన ట్రేడ్లలో తేడా లేదు. రెండు మూడు నిమిషాల్లో ముగిసినవాటిలోనే తేడా పెద్దది. వాటికి టిక్ డేటా ఉంటే తప్ప తేలదు. అవి తక్కువే కాబట్టి వదిలేశాను.

ఒక జాగ్రత్త. పైన `t.exit` కూడా కలిపాను. నష్టపోయిన ట్రేడ్‌లో ఎంఏఈ కనీసం ఆ నష్టమంతైనా ఉండాలి కదా, అదీ ఒక చెక్‌గా పనికొస్తుంది. కానీ ఎగ్జిట్ ధర కలిపేశాక ఆ చెక్ ఎప్పుడూ పాసే అవుతుంది. డేటా పరీక్షలన్నీ అది కలపకముందే చేసుకోవాలి. నేను మొదట తిరగేసి చేసి, అంతా బాగుందని సంబరపడ్డాను.

జులై 13, ఆదివారం

ఇప్పుడు అసలు లెక్క. 96లో 47 స్టాప్ తగిలాయి, 14 టార్గెట్ చేరాయి. మిగతా 35 నేను కోసినవో, 15:15కి ముగిసినవో: వాటిలో 23 లాభం, 12 చిన్న నష్టం. స్టాప్ తగిలినప్పుడు అనుకున్న ధర నుంచి జారే స్లిప్పేజ్ ఒక పాయింటు వేసుకుంటే మొత్తం మీద 205 పాయింట్లు నష్టం. ఇందులో ఖర్చులు కలపలేదు.

గెలిచిన 37 ట్రేడ్ల ఎంఏఈ వరుసగా పేర్చి చూశాను. 16 ట్రేడ్లు 10 పాయింట్లు కూడా వెనక్కి పోలేదు. 28 ట్రేడ్లు 20 లోపే. 30 దాటి వెనక్కి పోయి మళ్లీ గెలిచినవి మూడే మూడు. 25కి అవతల దాకా పోయి వచ్చినవి మొత్తం ఆరు.

అయితే స్టాప్ 25 పెట్టి ఉంటే? ఆ ఆరు గెలుపులు చచ్చిపోతాయి. అవి తెచ్చిన 190 పాయింట్లు పోయి, పైగా ఒక్కోటీ 26 చొప్పున 156 నష్టం. మొత్తం 346 పాయింట్ల దెబ్బ. చిన్న నష్టంతో బయటపడిన 12లో ఏడు 25 దాటి వెళ్లినవే, వాటిమీద ఇంకో 56. మరోవైపు, స్టాప్ తగిలిన 47లో ఒక్కోదాని మీద 15 పాయింట్లు మిగులుతాయి: 705. నికరంగా 303 పాయింట్లు మేలు. మైనస్ 205 కాస్తా ప్లస్ 98 అవుతుంది.

సాయంత్రం బావకి ఫోన్ చేసి గర్వంగా చెప్పాను. ఆయన ఒక్క నిమిషం ఆగి, "సరే, నీ స్టాప్ 40 దగ్గర ఉంటే, 55 దాకా పోయి వెనక్కి వచ్చిన ట్రేడ్ నీ లెక్కలో ఎక్కడ కనపడుతుంది?" అన్నాడు.

నోట మాట రాలేదు. స్టాప్ 40 దగ్గర ఉన్నప్పుడు ఏ గెలుపు ట్రేడ్ ఎంఏఈ అయినా 40 లోపే ఉంటుంది, ఉండక తప్పదు. దాన్ని దాటినవన్నీ ఓటమి ఖాతాలో పడిపోయాయి. ఉన్న డేటా స్టాప్ బిగిస్తే ఏమవుతుందో చెప్పగలదు. వదులు చేస్తే ఏమవుతుందో దానికి తెలియదు. టార్గెట్ సంగతీ అంతే. 80 దగ్గర అమ్మేశాక ధర 150 పోయినా ఎంఎఫ్‌ఈ 80 అనే రాసి ఉంటుంది.

జులై 19, శనివారం

కాబట్టి ప్రతి ట్రేడ్‌కీ రెండో కొలత తీశాను. నేను బయటికి వచ్చినా రానట్టే, ఎంట్రీ నుంచి 15:15 వరకు ధర దారి మొత్తం.

బావ ప్రశ్నకు జవాబు. స్టాప్ తగిలిన 47లో, తర్వాత అదే రోజు 80 టార్గెట్ చేరినవి 8. నన్ను ముందే అడిగి ఉంటే "సగం" అనేవాణ్ని. ఆ ఎనిమిదే గుర్తుండిపోయాయి, మిగతా 39 గుర్తులేవు. ఆ ఎనిమిదిలోనూ 60 లోపు తిరిగి వచ్చినవి 5. మిగతా మూడు 60ని కూడా దాటి పోయి వచ్చాయి.

స్టాప్ 60 పెడితే ఆ అయిదు మైనస్ 41 నుంచి ప్లస్ 80కి మారతాయి: 605 పాయింట్లు లాభం. ఇంకో 37 ట్రేడ్లు 60 కూడా తగిలి, ఒక్కోటీ అదనంగా 20 తింటాయి: 740. మిగిలిన అయిదు అటూ ఇటూ కాకుండా 15:15కి సగటున మైనస్ 20 దగ్గర ముగుస్తాయి: 105 మిగులు. నికరం మైనస్ 30. అంటే వెడల్పు చేసినందుకు పెద్దగా లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక్కో ట్రేడ్‌లో రిస్క్ మాత్రం సగం పెరుగుతుంది.

బావకి వాట్సాప్‌లో పంపాను. "అయిదు దొరికాయి కదా" అని వచ్చింది.

జులై 20, ఆదివారం

టార్గెట్ వంతు. మొదట ఎంఎఫ్‌ఈ సగటు చూసి అక్కడ టార్గెట్ పెడదామనుకున్నాను. అది తప్పుదారి. ధర ముందు ప్లస్ 90 పోయి తర్వాత మైనస్ 40 వచ్చిందా, ముందు మైనస్ 40 వచ్చి తర్వాత ప్లస్ 90 పోయిందా? రెండు సందర్భాల్లోనూ ఆ రెండు అంకెలూ ఒకటే. మొదటిది గెలుపు, రెండోది ఓటమి. ఏది ముందు అన్నది తెలియాలంటే క్యాండిళ్ల మీద ఒక్కో అడుగూ నడవాల్సిందే. ఒకే క్యాండిల్‌లో స్టాప్, టార్గెట్ రెండూ ఉంటే స్టాపే ముందు తగిలినట్టు వేసుకున్నాను.

స్టాప్ 25 ఉంచి, నా చేతి కోతలు తీసేసి, టార్గెట్ మార్చి చూస్తే:

| టార్గెట్ | చేరినవి | స్టాప్ తగిలినవి | 15:15కి ముగిసినవి | మొత్తం పాయింట్లు |
|---|---|---|---|---|
| 40 | 36 | 55 | 5 | 30 |
| 60 | 28 | 61 | 7 | 192 |
| 80 | 22 | 65 | 9 | 268 |
| 120 | 12 | 67 | 17 | 225 |

40 మరీ దగ్గర అన్నది స్పష్టం. 60, 80, 120ల మధ్య పోటీ పెట్టడం మాత్రం అనవసరం. రెండు మూడు ట్రేడ్లు అటు ఇటైతే వరుస తారుమారవుతుంది. 80 ఉన్నచోటే ఉంచాను. నా చేతి కోతల ఖరీదు కూడా ఇందులోనే తేలింది. స్టాప్ 25, టార్గెట్ 80తో కోతలు ఉన్నప్పుడు 98, లేనప్పుడు 268. ఆరు నెలల టెన్షన్‌కి 170 పాయింట్ల బిల్లు.

జులై 26, శనివారం

25 అంకె మీద నాకే నమ్మకం కుదరలేదు. ఏప్రిల్ 7న నిఫ్టీ ఒక్కరోజే 3 శాతం పైగా పడింది. ఆ వారాల్లో 25 పాయింట్లు అంటే ఒక శ్వాస. జూన్‌లో అదే 25 అంటే పావు రోజు నడక.

జనవరి–మార్చి, ఏప్రిల్–జూన్ అని రెండుగా చీల్చాను. గెలుపు ట్రేడ్లలో 80 శాతం ఎంత ఎంఏఈ లోపల ఉన్నాయి? మొదటి సగంలో 17 పాయింట్లు, రెండో సగంలో 26. పాయింట్లలో అంకె నిలబడలేదు. అదే ఎంఏఈని ఆ రోజు ఓపెనింగ్ రేంజ్‌తో, అంటే 9:45 నాటి పై గీతకీ కింద గీతకీ మధ్య దూరంతో, భాగించి చూస్తే మొదటి సగంలో 0.24, రెండో సగంలో 0.27. ఇది నిలబడింది. 25 స్టాప్ చంపిన ఆరు గెలుపుల్లో నాలుగు ఏప్రిల్‌వే కావడం కూడా ఇందుకే.

కాబట్టి స్టాప్ ఇప్పుడు ఓపెనింగ్ రేంజ్‌లో నాలుగో వంతు. రేంజ్ 100 ఉంటే 25, 140 ఉంటే 35. ఒక చిక్కుంది. లాట్‌ని ముక్కలు చెయ్యలేం. 200 రేంజ్ రోజున స్టాప్ 50, ఒక లాట్‌కే 3,750 రూపాయల రిస్క్. నా ఖాతాకి అది ఎక్కువ. లెక్క 40 దాటిన రోజు ట్రేడ్ మానెయ్యాలని రాసుకున్నాను.

జులై 27, ఆదివారం

నిన్న రాత్రి నిద్ర పట్టక ఖర్చులు వేశాను. వెయ్యకుండా ఉండాల్సింది. 268 పాయింట్లు, 96 ట్రేడ్లు: ట్రేడ్‌కి 2.8. 2025 రేటు ప్రకారం ఫ్యూచర్స్ అమ్మకం మీద లావాదేవీల పన్ను ఎస్‌టీటీ 0.02 శాతం. నిఫ్టీ 24,000 దగ్గర అది ఒక్కటే 4.8 పాయింట్లు. బ్రోకరేజ్, ఎక్స్ఛేంజ్ చార్జీలు దానిపైన. మూడు వారాలు స్టాప్, టార్గెట్ సవరించి సంపాదించింది పన్నుకే చాలలేదు.

అప్పుడు అనుమానం ఎంట్రీ మీదకి మళ్లింది. స్టాప్, టార్గెట్, నా భయం అన్నీ పక్కనపెట్టి, ఎంట్రీ తర్వాత సరిగ్గా 30 నిమిషాలు ధర ఎటు ఎంత పోయిందో 96 ట్రేడ్లకీ కొలిచాను. సగటు ఎంఎఫ్‌ఈ 29, ఎంఏఈ 27. బొమ్మా బొరుసా వేసి లోపలికి దూకినా దాదాపు ఇలాగే వస్తుంది. ఇలాంటి ఎంట్రీకి స్టాప్ ఎక్కడ పెట్టినా ఏం ఒరుగుతుంది?

ట్రేడ్లను రకరకాలుగా విడగొట్టి చూశాను. లాంగ్, షార్ట్: తేడా లేదు. వారం రోజులు: లేదు. గ్యాప్‌తో తెరిచిన రోజులు: లేదు. ఎంట్రీ టైముతో విడగొడితే మాత్రం: 10:30 లోపు 58 ట్రేడ్లు, ఎంఎఫ్‌ఈ 34, ఎంఏఈ 25. ఆ తర్వాతవి 38, ఎంఎఫ్‌ఈ 21, ఎంఏఈ 30. ఆలస్యంగా వచ్చిన బ్రేకవుట్లు ముందుకంటే వెనక్కే ఎక్కువ పోతున్నాయి.

సంతోషించే ముందు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఇది నేను వేసిన నాలుగో విభజన. ఇన్ని రకాలుగా చీలిస్తే ఏదో ఒకచోట ఇలాంటి తేడా ఊరికే కూడా తగులుతుంది. అందుకే 10:30 తర్వాత ఎంట్రీలు ఆపేశాను కానీ, వాటిని కాగితం మీద రాస్తూనే ఉంటాను, ఎంఏఈ, ఎంఎఫ్‌ఈ కాలమ్‌లతో సహా. రాయకపోతే ఆపింది మంచిదో కాదో ఎప్పటికీ తెలియదు.

ఆగస్టు 3, ఆదివారం

జులైలో వేసిన ట్రేడ్లు కొలిచాను. 10:30 లోపు 9, 30 నిమిషాల ఎంఎఫ్‌ఈ సగటు 31, ఎంఏఈ 26. కాగితం మీద రాసిన ఆలస్యపు ట్రేడ్లు 5, వాటిలో ఒకటి ఏకంగా 110 పాయింట్లు పరుగెత్తి సగటునంతా పాడుచేసింది. తొమ్మిదితో, అయిదుతో ఏమీ తేలదు. 40 ట్రేడ్లు దాటేదాకా ఈ షీట్ తెరవను.

మధ్యాహ్నం బావ తన జర్నల్ పంపాడు, "నాదీ కొలిచిపెట్టు" అని. ట్రేడ్‌బుక్ శుభ్రంగా ఉంది, టైములు సెకన్లతో ఉన్నాయి. ఫోన్ చేసి అడిగాను.

"స్టాప్ ఎక్కడ పెట్టావో కాలమ్ లేదేంటి బావా?"

"స్టాపా? అది మనసులో ఉంటుంది బావా."